గిట్టుబాటు అనే మాట ఉండగా

ఈ మధ్య ఒక వాదం తరచుగా వినబడుతోంది. కథలకూ పద్యాలకూ తెలుగు సరిపోతుంది గాని, పెట్టుబడుల వ్యవహారానికి వచ్చేసరికి దాని శక్తి చాలదట. కాబట్టి ఇంగ్లీషు మాటలనే తెలుగు లిపిలో రాసి ఊరుకోవడం మేలట. దీనికి ఎదురుగా మరొక వర్గం ఉంది. వీరు ప్రతి ఇంగ్లీషు మాటకూ ఒక సంస్కృత సమాసం కట్టి, భాషాసేవ చేశామని తృప్తి పడతారు. ఈ రెండు వర్గాలూ పరస్పరం శత్రువులమని అనుకుంటున్నాయి. నా దృష్టిలో రెండూ చేస్తున్నది ఒకే పని. చదివేవాడు అడగవలసిన ప్రశ్నను అడగనీయకుండా చేయడం.

ఇది భాషాభిమానుల చర్చగా మిగిలిపోతే నేను ఇంత దూరం రాయను. దీనివల్ల డబ్బు పోతుంది. అదీ దూరాన ఉన్న పెద్ద సంస్థల డబ్బు కాదు. మన ఊళ్ళలో రైసుమిల్లు నడుపుకొనేవారిది, మేత డీలర్లది, పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన సొమ్మును బ్యాంకులో దాచుకున్న ఉద్యోగులది. పట్నంలో చదువుకొని వచ్చిన పిల్లలు స్టార్టప్ పేరుతో వ్యాపారం మొదలుపెట్టి, మొదటి పెట్టుబడి కోసం ఇప్పుడు ఇలాంటి వారి గడపకే వస్తున్నారు. పది పన్నెండు స్లైడులలో తమ వ్యాపారాన్ని వివరిస్తారు. దానిని పిచ్ డెక్ అంటారు. అందులో రెండు స్లైడులు ప్రాణప్రదమైనవి. ఒకటి ఈ వ్యాపారానికి బజారు ఎంత ఉందో చెప్పే మార్కెట్ సైజ్ స్లైడు. రెండవది ఒక్కొక్క అమ్మకం మీద ఏమి మిగులుతుందో చెప్పే యూనిట్ ఎకనామిక్స్ స్లైడు. తక్కినవి ఎలా ఉన్నా ఫరవాలేదు. ఈ రెండూ అర్థం కాకుండా డబ్బు ఇచ్చినవాడు కళ్ళకు గంతలు కట్టుకొని ఇచ్చినవాడే.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. వ్యాపారశాస్త్రం చదివినవాడిని కాను. అయితే నా పూర్వవిద్యార్థి ఒకడు తన స్లైడులు తెలుగులో తిరగరాసి పెట్టమని కోరగా, నెల రోజులపాటు వాటితో కుస్తీ పట్టాను. ఆ పనిలో నాకు కనిపించినది చదువరుల ముందు పెడుతున్నాను.

ఆ కుర్రవాడిది భీమవరం ప్రాంతం. వ్యాపారం రొయ్యల చెరువుల నీటి పరీక్ష. వారానికి ఒకసారి సంస్థ మనిషి చెరువుగట్టుకు వెళ్ళి నీటి పీహెచ్, అమోనియా, క్షారత, కరిగి ఉన్న ఆక్సిజన్ వంటివి పరీక్షించి రైతుకు చెబుతాడు. వనామి పంట నూరు నుంచి నూట ఇరవై రోజులు ఉంటుంది కనుక పంటకు 16 పరీక్షలు. పరీక్షకు 250 రూపాయల చొప్పున చెరువుకు పంట ఒక్కింటికి 4,000 రూపాయలు. వ్యాపారం ఇంతే. అర్థం చేసుకోవడానికి ఏ పాండిత్యమూ అక్కరలేదు.

నా చేతికి వచ్చేనాటికి ఆ స్లైడులు అప్పటికే ఒకసారి తెలుగులోకి వచ్చి ఉన్నాయి. డబ్బు తీసుకొని ఎవరో అనువదించి పెట్టారు. మచ్చుకు చూడండి. "సమగ్ర సంబోధనీయ విపణి: 7.4 బిలియన్ డాలర్లు. గ్రాహక సముపార్జనా వ్యయం: రూ. 5,000. గ్రాహక జీవితకాల మూల్యం: రూ. 54,720. గ్రాహక మథనం: 40 శాతం."

తెలుగు వ్యాకరణంలో సంబోధన అంటే పిలుపు. ఓ, ఓయి, ఓరి, ఓసి అని పిల్లలు వల్లించే సంబోధన. ఇంగ్లీషులో అడ్రస్ చేయడం అనే మాటకు పిలవడమని ఒక అర్థం, చేరుకోవడమని మరొక అర్థం ఉండగా అనువాదకుడు మొదటిదానిని పట్టుకున్నాడు. ఫలితంగా మన సంస్థ "ఓ విపణీ" అని కేక వేయదగిన విపణి ఒకటి తయారైంది. ఇక మథనం. పాలసముద్రాన్ని మథిస్తే అమృతం పుట్టింది. గ్రాహకులను మథిస్తే ఏమి పుడుతుందో నాకు తెలియదు. ఇంగ్లీషులో చర్న్ అంటే చిలకడమే గాని, వ్యాపారంలో దాని అర్థం మన దగ్గర కొనడం మానుకున్నవారి శాతం. పాలూ పత్రికలూ రోజూ ఇంటికి వేయించుకొనేవారి గురించి మాట్లాడేటప్పుడు మన ఇళ్ళలో "వాడుక మానేశారు" అంటాం. ఇంతకన్న స్పష్టమైన మాట ఏ భాషలోనైనా ఉంటుందా?

నవ్వుకొని వదిలేయవలసిన విషయం కాదిది. ఆ స్లైడులో నిజం ఉంది. నూటికి 40 మంది మానేశారని అక్కడే రాసి ఉంది. దాని పక్కనే ప్రతి రైతూ మూడేళ్ళు మనతో ఉంటాడని లెక్కగట్టి 54,720 అని వేశారు. పంటకు నలభై మంది చొప్పున మానుకుంటుంటే మూడేళ్ళు ఎవరుంటారు? "నూటికి 40 మంది రైతులు మొదటి పంట తరువాత వాడుక మానుకున్నారు" అని రాసి ఉంటే ఈ ప్రశ్న పదవ తరగతి పిల్లవాడైనా అడుగుతాడు. మథనం అన్నందువల్ల ఎవరూ అడగలేదు. చర్న్ 40 శాతం అని తెలుగు లిపిలో రాసి ఉన్నా అడిగేవారు కారు. అందుకే రెండు వర్గాలూ చేస్తున్నది ఒకే పని అన్నాను.

వాక్యం అర్థవంతం కావడానికి మన శాస్త్రకారులు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు నియమాలు చెప్పారు. ఒక పదం వినగానే మరొక పదం కోసం మనసు ఎదురుచూడడం ఆకాంక్ష. పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. నిప్పుతో తడుపుతున్నాడు అంటే వ్యాకరణం సరిగానే ఉంటుంది గాని యోగ్యత ఉండదు. పదాలు దగ్గరదగ్గరగా ఉండడం సన్నిధి. ఇంగ్లీషు స్లైడులలో ఉండేవి వాక్యాలు కావు, నామవాచకాల కుప్పలు. క్రియ ఉండదు కనుక కర్త ఎవరని అడగవలసిన పని పడదు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ప్రతి అంకెనూ క్రియతో ముగిసే పూర్తి వాక్యంగా రాయాలి. ఎవరు, ఎవరికి, దేనికి, ఎంత, ఎప్పుడు ఇస్తారు అన్నది ఆ వాక్యంలో ఉండాలి. ఈ నియమం పెట్టుకున్న తరువాత ఆ రెండు స్లైడులూ ఏమయ్యాయో చెబుతాను.

ముందు రెండవదానిని తీసుకుందాం. యూనిట్ ఎకనామిక్స్ అన్నప్పుడు యూనిట్ అంటే ఏమిటి? ఇంగ్లీషులో ఈ ప్రశ్న నిద్రపోతూ ఉంటుంది. తెలుగులో "ఒక్కొక్క" అని మొదలుపెట్టగానే ఆకాంక్ష లేచి కూర్చుంటుంది. ఒక్కొక్క ఏమిటి? ఒక్కొక్క రైతా, ఒక్కొక్క చెరువా, ఒక్కొక్క పరీక్షా? మన కుర్రవాడి స్లైడులో రాబడిని రైతుకు లెక్కగట్టారు. సగటున రైతుకు మూడు చెరువులు కనుక పంటకు 12,000 రూపాయలు. కాని రైతును చేర్చుకోవడానికి అయిన ఖర్చును చెరువుకు లెక్కగట్టారు. మొదటి పంటకు ఊరూరా సమావేశాలు పెట్టి, ఉచిత పరీక్షలు చేసి చూపి, తిరిగే కుర్రాళ్ళకు జీతాలిచ్చి 6 లక్షలు ఖర్చు చేశారు. 40 మంది రైతులు చేరారు. వారి చెరువులు 120. ఆరు లక్షలను 120తో భాగించి 5,000 అన్నారు. రాబడి రైతు మీద, ఖర్చు చెరువు మీద. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక రూపాయికి పదకొండు రూపాయలు వస్తాయన్నారు.

ఇందులో మోసం లేదని నేను నమ్ముతున్నాను. గ్రాహకుడు అనే మాట ఒక చోట రైతుకూ మరొక చోట చెరువుకూ నిలబడింది. ఆ మాటకు బదులుగా రైతు అని రాసి చూడండి. "ఒక్కొక్క రైతును చేర్చుకోవడానికి మేము 15,000 రూపాయలు ఖర్చు చేశాము." అంకె తనంతట తానే మారిపోయింది.

ఇక మిగులు. 250 రూపాయల పరీక్షలో రసాయనాల కిట్లకు 60 రూపాయలు పోతాయి. స్లైడులో అంతటితో ఆపారు. చెరువుగట్టుకు వెళ్ళే మనిషి జీతం ఏదని నేను అడిగాను.

"అది స్థిరవ్యయం కదండీ మాస్టారూ, అందుకని ఇక్కడ కలపలేదు" అన్నాడు మా వాడు.

"అబ్బాయ్, చెరువులు రెట్టింపైతే ఆ ఒక్క కుర్రాడే అన్నిటికీ వెళ్ళగలడా?" అన్నాను.

స్థిరవ్యయం అని పేరు పెట్టినంతమాత్రాన ఖర్చు స్థిరపడదు. పని పెరిగినకొద్దీ పెరిగే ఖర్చు ఏదైనా ఆ పని మీద పడవలసిందే. ఆ మనిషికి జీతం, పెట్రోలు, ఫోను కలిపి నెలకు 26,000 రూపాయలు. రోజుకు పది చెరువుల చొప్పున 26 రోజులలో 260 పరీక్షలు చేస్తాడు. అంటే పరీక్షకు 100 రూపాయలు. కిట్ల 60తో కలిపి 160 పోగా మిగిలేది 90. పదహారు పరీక్షలకు చెరువు మీద 1,440. మూడు చెరువుల రైతు మీద పంటకు 4,320.

అది ఎన్ని పంటలు వస్తుంది? నూరు మంది చేరితే రెండవ పంటకు 60 మంది ఉన్నారు. అదే తీరున సాగితే మూడవ పంటకు 36 మంది, నాలుగవ పంటకు 22 మంది, అలా తరుగుతూ పోతుంది. అందరినీ కూడితే నూరు మంది రైతుల నుంచి 250 పంటల రాబడి వస్తుంది. అంటే సగటున రైతుకు రెండున్నర పంటలు. 4,320ని రెండున్నరతో హెచ్చిస్తే 10,800. పదిహేను వేలు పెట్టి తెచ్చుకున్న రైతు మీద పది వేల ఎనిమిది వందలు. రూపాయికి పదకొండు రూపాయలు అన్నది రూపాయికి 72 పైసలుగా తేలింది. ఈ లెక్క ప్రకారం ఎంత ఎక్కువమంది రైతులు చేరితే అంత ఎక్కువ నష్టం. రెండు కోట్ల పెట్టుబడి అడుగుతున్నది ఆ నష్టాన్ని వేగంగా పెంచుకోవడానికే.

ఇదైనా అందరూ పూర్తిగా చెల్లించారని అనుకుంటేనే. స్లైడులో ఉన్న మాట రెవిన్యూ. మన భాషలో రావలసినదానికి బాకీ అనీ, చేతికి వచ్చినదానికి వసూలు అనీ వేరువేరు మాటలున్నాయి. ఈ రెంటినీ కలిపి ఒకే మాటతో చెప్పేవాడిని మన షావుకార్లు దుకాణంలో కూర్చోనీయరు. రొయ్య రైతు చాలా ఖర్చులు పంట పట్టిన తరువాతనే చెల్లిస్తాడు. తెల్లమచ్చ వ్యాధి తగిలి రొయ్యను ముందుగానే పట్టేయవలసి వస్తే, అతను ముందు మేత బాకీ తీరుస్తాడా, నీటి పరీక్ష బాకీ తీరుస్తాడా? మొదటి పంటలో రావలసినది 4,80,000. వచ్చినది 4,08,000. నూటికి పదిహేను రాలేదు. 250లో 37 రూపాయలకు పైగా పోయినట్టే. మిగులు 90 కాస్తా 52కు దిగుతుంది.

ఈ లెక్కంతటికీ మన భాషలో ఒక మాట ఉంది. గిట్టుబాటు. ధాన్యం రైతు గిట్టుబాటు ధర అన్నప్పుడు, మిల్లు యజమాని "ఆ రేటుకు మాకు గిట్టదు" అన్నప్పుడు చెబుతున్నది ఇదే. ఒక బస్తా మీద ఖర్చులన్నీ పోను ఏమైనా మిగులుతుందా అని. యూనిట్ ఎకనామిక్స్‌కు "ఏకాంశ ఆర్థికశాస్త్రం" అని పేరు పెట్టినవారు ఈ మాటను దాటి ఎంత దూరం వెళ్ళారో చూడండి. నేను ఆ స్లైడుకు "ఒక్క రైతు మీద గిట్టుబాటు లెక్క" అని శీర్షిక పెట్టాను.

వాడుక మాట అయినంతమాత్రాన అది పవిత్రమని కూడా నేను అనను. లాభం అనే మాటను చూడండి. ఒకరు సరుకు కొన్న ధర మాత్రమే తీసివేసి లాభం అంటారు. ఒకరు జీతాలు కూడా తీసివేస్తారు. మిల్లు యజమాని అప్పు మీద వడ్డీ కూడా పోతే గాని లాభం అనడు. అందుకని లాభం అనే మాటను ఆ స్లైడులో ఒక్కచోట కూడా వాడలేదు. "కిట్లు, మనిషి జీతం, పెట్రోలు పోను మిగిలేది" అని రాశాను. పొడుగైతే అయింది. దేనిని తీసివేశామో చెప్పని మిగులు మిగులు కాదు.

ఇప్పుడు మార్కెట్ సైజ్ స్లైడుకు వద్దాం. 7.4 బిలియన్ డాలర్లు ఎక్కడినుంచి వచ్చాయి? సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం 2023-24లో మన దేశం నుంచి ఎగుమతి అయిన సముద్రోత్పత్తుల విలువ 60,523 కోట్ల రూపాయలు. డాలర్లలో 7.38 బిలియన్లు. అందులో సుమారు మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యదే. అంకె నిజమైనదే. కాని అది ఎవరు ఎవరికి ఇచ్చిన డబ్బు? విదేశాల దిగుమతిదారులు మన ఎగుమతిదారులకు రొయ్యకూ చేపకూ ఇచ్చిన డబ్బు. నీటి పరీక్షకు రైతు ఇచ్చే డబ్బు దానిలో ఎక్కడుంది? పూర్తి వాక్యంగా రాయబోతే, "విదేశాలలో మన రొయ్యా చేపా కొన్నవారు చెల్లించిన 60,523 కోట్లు మా నీటి పరీక్షకు బజారు" అని రాయాలి. ఇది నిప్పుతో తడపడమే. యోగ్యత లేని వాక్యం. పైగా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కదిలింది ఈ ఎగుమతి అంకెలే. నీటి పరీక్షకు రైతు 250 ఇస్తాడా ఇవ్వడా అన్నది అటువంటి అంకెలు చూసి తెలుసుకోగలిగినది కాదు.

డాలర్ల బిలియన్లను అలాగే ఉంచడంలో మరొక నష్టం ఉంది. మన ఊరి మనిషి లక్షను తూచగలడు, కోటిని తూచగలడు. బిలియన్ అతని చేతిలో బరువు లేని మాట. బరువు తెలియని అంకెతో బేరమాడలేడు. బేరమాడలేనివాడు తల ఊపుతాడు.

కింది నుంచి లెక్కగట్టమని మా వాడిని ఊళ్ళకు పంపాను. దగ్గరదగ్గరగా ఉన్న ఆరు గ్రామాలను ఎంచుకొని రెండు వారాలు తిరిగి వచ్చాడు. మొత్తం చెరువులు 1,400. అందులో చేపల చెరువులు 500 తీసివేశాడు. మిగిలిన 900 రొయ్యల చెరువులలో అసలు చిక్కు బయటపడింది. మేత కంపెనీలూ మందుల దుకాణాలూ తమ సరుకు అమ్ముకోవడానికి నీటి పరీక్షలు ఉచితంగా చేసిపెట్టడం మన డెల్టాలో ఎప్పటినుంచో ఉన్నదే. ఉచితంగా దొరికేదానికి 250 ఎవరిస్తారు? ఇంగ్లీషు స్లైడులో ఈ ప్రశ్నకు చోటు లేదు. "రైతు మాకు డబ్బు ఇస్తాడు" అని కర్తనూ క్రియనూ పెట్టి రాస్తే, ఎందుకిస్తాడు అన్నది వెంటనే వస్తుంది. మా వాడు రైతులనే అడిగాడు. 600 చెరువుల వారు అప్పు మీద సరుకు ఇచ్చే డీలరును కాదని బయట పరీక్ష చేయించుకోమన్నారు. తక్కిన 300 చెరువుల వారు మరొక మాట అన్నారు. పరీక్షించేవాడే మందు అమ్మేవాడైతే, ప్రతి పరీక్షలోనూ ఒక మందు అవసరమని తేలుతుందని. అదీ బజారు. పరీక్ష చెప్పేవాడు మందు అమ్మకూడదని కోరుకొని, అందుకు డబ్బు ఇవ్వడానికి సిద్ధపడిన రైతు.

300 చెరువులు, చెరువుకు పంటకు 4,000, ఏడాదికి రెండు పంటలు. మొత్తం 24 లక్షలు. అరవై వేల కోట్లు ఇరవైనాలుగు లక్షలయ్యాయి. మా వాడి ముఖం వాడిపోయింది. కాని ఆ 24 లక్షలను వేలు పెట్టి చూపించవచ్చు. ఏ ఊరు, ఎవరి చెరువు అని చెప్పవచ్చు.

పైగా ఆ చిన్న లెక్కే పెద్ద లెక్కను కొంత సరిచేసింది. చెరువులు దగ్గరదగ్గరగా ఉంటే మనిషి రోజుకు పది కాక పదహారు పరీక్షలు చేయగలడు. అప్పుడు అతని ఖర్చు పరీక్షకు 100 నుంచి 62 రూపాయల 50 పైసలకు దిగుతుంది. మిగులు 90 నుంచి 127 రూపాయల 50 పైసలకు పెరుగుతుంది. రైతు మీద పంటకు 6,120, రెండున్నర పంటలకు 15,300. చేర్చుకున్న ఖర్చు 15,000 పోగా మూడు వందలు. గిట్టిందనడానికి అది చాలదు. కాని నష్టం ఎక్కడ ఆగిందో తెలిసింది. పక్క చెరువు రైతును చూసి చేరేవారివల్ల చేర్చుకొనే ఖర్చు 9,000కు తగ్గుతుందా, సగం డబ్బు ముందుగా తీసుకుంటే బాకీలు తగ్గుతాయా అన్నవి ఇక తేలవలసిన ప్రశ్నలు. పెట్టుబడి అడగవలసింది ఆ రెండింటినీ తేల్చుకోవడానికి. అందుకు రెండు కోట్లు అక్కరలేదు. పదిహేను లక్షలు చాలు. స్లైడులో అదే రాశాం.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది, రేపు హైదరాబాదుకో బెంగుళూరుకో పెద్ద పెట్టుబడి కోసం వెళితే అక్కడ టీఏఎం, సీఏసీ, ఎల్‌టీవీ అనే మాటలే అడుగుతారు కదా అని. అడగనివ్వండి. ఆ మాటలను స్లైడు అడుగున చిన్న అక్షరాలతో తెలుగు వాక్యానికి ఎదురుగా ఉంచాను. తెలుగు వాక్యం నుంచి ఆ పొడి అక్షరాలకు ఎవరైనా వెళ్ళగలరు. పొడి అక్షరాల నుంచి తెలుగు వాక్యానికి రావడమే కష్టం. మా వాడికి తన వ్యాపారంలో యూనిట్ ఏదో తెలియకుండా ఏడాది గడిచిందంటే కారణం అదే. అంతేకాదు, ఆ పెద్ద సంస్థలలో పనిచేసేవారు ఇటువంటి లెక్కలు విప్పడానికే జీతం తీసుకుంటారు. మన మిల్లు యజమాని పక్కన అటువంటివాడు లేడు. అతనికి స్లైడే దిక్కు.

రెండవ ఆక్షేపణ మరింత నిజాయితీగలది. ఇలా రాస్తే వ్యాపారం చిన్నదిగా కనబడుతుందని. అవును, కనబడుతుంది. ఎందుకంటే అది ప్రస్తుతం అంతే ఉంది. వ్యాపారం చిన్నది కావడం దోషం కాదు. ఆరు గ్రామాలలో గిట్టినది అరవై గ్రామాలకు పోవచ్చు. ఆరు గ్రామాలలో గిట్టనిది అరవై గ్రామాలకు పోతే పది రెట్లు మునుగుతుంది. పెద్ద మాటలు ఈ తేడాను చెరిపేస్తాయి.

తిరగరాసిన స్లైడులు చూసినవారిలో ఒక రైసుమిల్లు యజమాని ఉన్నారు. మొదటి అనువాదం చూసినప్పుడు ఆయన ఏమీ అడగకుండా, బాగుందని చెప్పి లేచి వెళ్ళారట. ఈసారి గంటన్నర కూర్చున్నారు. "మేస్టారూ, ఆ కుర్రోడు రోజుకి పదహారు చెరువులంటున్నారు, వానాకాలంలో గట్లమీద బండి వెళ్ళొద్దాండీ?" అన్నారు. ఆ ప్రశ్నకు మా వాడి దగ్గర జవాబు లేదు. వానాకాలపు పంట లెక్క వేరుగా కట్టుకొని వస్తానన్నాడు. ఒక పంట చూసి ఇస్తామని ఆయనా మరిద్దరూ చెప్పారు. ఇచ్చేదీ లేనిదీ వారి ఇష్టం. నాకు ముఖ్యమైనది ఆ ప్రశ్న. ముప్పై ఏళ్ళుగా గట్ల మీద తిరిగిన మనిషికి మాత్రమే తోచే ప్రశ్న అది. సంబోధనీయ విపణి అని రాసినన్నాళ్ళూ ఆయన అనుభవమంతా ఆ గదిలో మూగగా కూర్చుంది.

తెలుగుకు శక్తి చాలదనేవారికి నేను చెప్పేది ఇంతే. అసలు, వడ్డీ, తరుగు, బాకీ, వసూలు, వాడుక, గిట్టుబాటు అనే మాటలతో తరతరాలుగా కోట్ల వ్యాపారం చేసిన జాతి మనది. ఆ మాటలు పక్కన పెట్టి సమాసాలు కట్టేవారు సేవ చేస్తున్నదీ, ఇంగ్లీషు మాటలకు తెలుగు లిపి తొడిగేవారు సేవ చేస్తున్నదీ భాషకు కాదు. లెక్క తేలకూడదని కోరుకొనేవారికి. మీ ఊళ్ళో ఎవరైనా ఇటువంటి స్లైడులు పట్టుకొని వస్తే, ఇంగ్లీషు రాదని సిగ్గుపడకండి. ప్రతి అంకె దగ్గరా ఆపి, దీనిని క్రియతో ముగిసే తెలుగు వాక్యంగా చెప్పమని అడగండి. చెప్పలేకపోతే ఆ అంకె వెనుక ఏమి ఉందో అతనికీ తెలియదని అర్థం. తెలిసేవరకు మీ డబ్బు మీ దగ్గరే ఉండనివ్వండి.